డిప్రిసియేషన్ 10 లక్షలు పెరిగితే మూడు స్టేట్‌మెంట్లలో ఏం మారుతుంది? ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

రేణిగుంట_పావని
ఈ ఏడాదే బీకామ్ అయింది. అకౌంట్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. "డిప్రిసియేషన్ 10 లక్షలు పెరిగింది, పన్ను 25 శాతం. పి అండ్ ఎల్, క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్ మూడింట్లో ఏమేం మారతాయో వరసగా చెప్పు." వీడియోల్లో ఉన్న జవాబు నాకు నోటికొచ్చు: లాభం ఏడున్నర లక్షలు తగ్గుతుంది, క్యాష్ రెండున్నర లక్షలు పెరుగుతుంది. కానీ "ఆ రెండున్నర ఎవరిచ్చారు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఖర్చు పెరిగితే క్యాష్ పెరగడమేంది? మూడూ ఎక్కడెక్కడ కలుస్తాయో అర్థమయ్యేట్టు ఎవరైనా చెప్పండి. బట్టీ పట్టే జవాబు వద్దు.

పలమనేరు_మధు
సింపుల్. డిప్రిసియేషన్ నాన్ క్యాష్ ఖర్చు. అందుకే క్యాష్ ఫ్లోలో తిరిగి కలుపుతాం. 10 కలిపితే క్యాష్ 10 పెరుగుతుంది. డిప్రిసియేషన్ కంపెనీకి ఒక క్యాష్ సోర్స్ అని మా లెక్చరర్ కూడా చెప్పినాడు.

చంద్రగిరి_గిరి
మూడు స్టేట్‌మెంట్లంటే ట్రేడింగ్ అకౌంట్, పి అండ్ ఎల్, బ్యాలెన్స్ షీట్ కదా? గ్రాస్ ప్రాఫిట్ కిందికి దించి, నెట్ ప్రాఫిట్‌ను క్యాపిటల్లో కలిపేస్తే అయిపోయె. ఇందులో క్యాష్ యాడ నుంచి వచ్చింది?

పల్ప్‌లెక్కలు
గిరీ, నువ్వు చెప్పేది కాలేజీలో వేసే ఫైనల్ అకౌంట్స్. ట్రేడింగ్ అకౌంట్, పి అండ్ ఎల్ రెండూ కలిసి ఇక్కడ ఒకటే స్టేట్‌మెంట్. మూడోది క్యాష్ ఫ్లో. అయితే నెట్ ప్రాఫిట్ పోయి క్యాపిటల్లో కలుస్తుందన్నావే, ఆ ముక్క మాత్రం కరెక్టు. మూడింటినీ కలిపే మొదటి ముడి అదే. కంపెనీ బ్యాలెన్స్ షీట్లో అది "రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్" కింద సర్‌ప్లస్‌లో చేరుతుంది.

మధూ, కలపడమంటే డబ్బు రావడం కాదు. లాభం లెక్కేసేటప్పుడు 10 తీసేసినాం. అది చేతి నుంచి పోని డబ్బు కాబట్టి క్యాష్ ఫ్లోలో తిరిగి పెట్టినాం. తీసింది పది, పెట్టింది పది. కావాలంటే పన్ను రేటు సున్నా అనుకొని చూడు. లాభం 10 తగ్గింది, క్యాష్ ఫ్లోలో 10 కలిసింది, క్యాష్ ఒక్క రూపాయి కూడా కదల్లేదు. డిప్రిసియేషన్ నిజంగా డబ్బు తెచ్చేదే అయితే నష్టాల్లో ఉన్న కంపెనీలన్నీ దాన్ని పెంచుకొనే బాగుపడతాయి కదా.

పావనీ, ఆ రెండున్నర ఎవరూ ఇచ్చింది కాదు. లాభం 10 తగ్గింది కాబట్టి పన్ను రెండున్నర తక్కువ కట్టారు. కట్టకుండా మిగిలిన డబ్బు అది. ఇప్పుడు నువ్వే వరసగా రాసి చూపించు, బ్యాలెన్స్ షీట్ రెండు పక్కలా సరిపోవాలి.

రేణిగుంట_పావని
రాస్తా అన్నా.
పి అండ్ ఎల్: పన్నుకు ముందు లాభం 10 తగ్గింది, పన్ను 2.5 తగ్గింది, నికర లాభం 7.5 తగ్గింది.
క్యాష్ ఫ్లో: నికర లాభం 7.5 తక్కువతో మొదలు, డిప్రిసియేషన్ 10 కలిపితే క్యాష్ 2.5 ఎక్కువ.
బ్యాలెన్స్ షీట్: ఆస్తుల వైపు మెషినరీ 10 తగ్గింది, క్యాష్ 2.5 పెరిగింది, మొత్తం 7.5 తగ్గింది. అవతల సర్‌ప్లస్ 7.5 తగ్గింది. సరిపోయింది!

పల్ప్‌లెక్కలు
అంతే. ఈ వరస మార్చొద్దు. పి అండ్ ఎల్ నుంచి నికర లాభం రెండు చోట్లకు పోతుంది: క్యాష్ ఫ్లో పైవరుసకు, బ్యాలెన్స్ షీట్లో సర్‌ప్లస్‌కు. క్యాష్ ఫ్లో చివరి వరుస బ్యాలెన్స్ షీట్లో క్యాష్‌కు పోతుంది. బ్యాలెన్స్ షీట్ తోనే మొదలుపెట్టి చెప్పేవాళ్ళు సగంలో ఆగిపోతారు. క్యాష్ ఎంత మారిందో అప్పటికి తేలి ఉండదు కదా.

శ్రీసిటీ_ఫైనాన్స్
పావని రాసింది పుస్తకం జవాబుగా సరైనదే. నేను ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చుంటాను. ఈ జవాబు రాగానే నేనడిగే తర్వాతి ప్రశ్న ఇది: "మన దేశంలో కంపెనీ తన పుస్తకాల్లో డిప్రిసియేషన్ పెంచితే ఇన్‌కమ్ ట్యాక్స్ నిజంగా తగ్గుతుందా?"

తగ్గదు. పుస్తకాల్లో డిప్రిసియేషన్ వేసేది కంపెనీల చట్టం షెడ్యూల్ 2 ప్రకారం, ఆస్తి ఎన్నేళ్ళు పనికొస్తుందో చూసి. మామూలు ప్లాంట్ మెషినరీకి అందులో 15 ఏళ్ళు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేరు. అక్కడ ఆస్తులన్నీ బ్లాకులుగా ఉంటాయి, మామూలు మెషినరీ బ్లాకుకు తగ్గుతూ వచ్చే విలువ మీద 15 శాతం. యాజమాన్యం కూర్చొని "ఈ మెషిన్ 15 ఏళ్ళు రాదు, 10 ఏళ్ళే వస్తుంది" అని తేల్చితే పుస్తకాల్లో డిప్రిసియేషన్ పెరుగుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో ఆ 15 శాతం అట్లాగే ఉంటుంది. కట్టే పన్ను మారదు.

మరి పి అండ్ ఎల్‌లో పన్ను రెండున్నర తగ్గదా అంటే, తగ్గుతుంది. కానీ అది డిఫర్డ్ ట్యాక్స్ లైన్‌లో, అంటే రెండు లెక్కల తేడా వల్ల తర్వాతి ఏళ్ళకు వాయిదా పడే పన్ను చూపే చోట. ఈ ఏడాది కట్టే కరెంట్ ట్యాక్స్ లైన్ కదలదు. అప్పుడు మూడూ ఇట్లా వస్తాయి:

పి అండ్ ఎల్‌లో పన్నుకు ముందు లాభం 10 తగ్గి, డిఫర్డ్ ట్యాక్స్ 2.5 తగ్గి, నికర లాభం 7.5 తగ్గుతుంది.
క్యాష్ ఫ్లోలో నికర లాభం 7.5 తక్కువ, డిప్రిసియేషన్ 10 కలిపాం, డబ్బు రూపంలో మిగలని ఆ డిఫర్డ్ ట్యాక్స్ 2.5 తీసేశాం. మిగిలింది సున్నా.
బ్యాలెన్స్ షీట్లో మెషినరీ 10 తగ్గింది, క్యాష్ అట్లాగే ఉంది. అవతల డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ 2.5, సర్‌ప్లస్ 7.5, రెండూ కలిపి 10 తగ్గాయి.

నికర లాభం రెండు జవాబుల్లోనూ ఒకటే. తేడా అంతా క్యాష్ దగ్గరే. చాలామంది ఇక్కడే తడబడతారు.

పలమనేరు_మధు
అయితే వీడియోలన్నీ తప్పేనా అక్కా?

శ్రీసిటీ_ఫైనాన్స్
తప్పని కాదు మధు. ఆ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: పుస్తకాల డిప్రిసియేషన్, పన్ను డిప్రిసియేషన్ ఒకటే అని. ఆ ప్రశ్న ఎక్కువగా అమెరికా ఇంటర్వ్యూల నుంచి వచ్చింది. అక్కడా పన్ను లెక్క వేరేగానే ఉంటుంది. ప్రశ్న సులువుగా ఉండాలని దాన్ని పక్కన పెడతారు. "రెండు లెక్కలూ ఒకటే అనుకుంటే" అని ముందే అనేసి జవాబు మొదలుపెడితే తప్పు పట్టడానికేమీ ఉండదు.

టాలీ_సుబ్బన్న
మా దగ్గర అన్నీ చిన్న పార్టనర్‌షిప్ ఫర్మ్‌లు. మేం పుస్తకాల్లోనూ ఇన్‌కమ్ ట్యాక్స్ రేట్లకే డిప్రిసియేషన్ వేస్తాం. డిఫర్డ్ ట్యాక్స్ అనే మాటే రాదు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ కూడా చేయం, ఎవరూ అడగరు. ఇంక మాకు ఈ ప్రశ్నతో పనేముంది?

శ్రీసిటీ_ఫైనాన్స్
సుబ్బన్నా, వీడియో జవాబు అక్షరాలా నిజమయ్యేది మీ ఫర్మ్‌ల్లోనే. రెండు లెక్కలూ ఒకటే కాబట్టి డిప్రిసియేషన్ పెరిగితే పన్ను నిజంగానే తగ్గుతుంది, క్యాష్ నిజంగానే మిగులుతుంది. ఫర్మ్‌కు రేటు 30 శాతం కాబట్టి, సెస్సూ సర్‌చార్జీ పక్కన పెడితే, 10కి 3 మిగులుతుంది.

ఒక్కటి చూసుకోవాలి. మీ రేటు చట్టంలో ఉన్నది కాబట్టి డిప్రిసియేషన్ దానంతటది పెరగదు. కొత్త ఆస్తి కొంటే పెరుగుతుంది. లేదంటే ఆ ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే వస్తుంది కాబట్టి, కొన్న తేదీని బట్టి మారుతుంది. కొత్త ఆస్తి కొన్నారంటే ఇన్వెస్టింగ్‌లో క్యాష్ బయటికి పోయినట్టే, అది కూడా చెప్పాలి. అందుకే పావనీ, "డిప్రిసియేషన్ పెరిగింది" అనగానే "ఉన్న మెషిన్ మీదేనా, కొత్తది కొన్నారా?" అని ఒక మాట అడుగు. అడిగినవాళ్ళకు మార్కులు పడతాయి.

ఆర్టికల్_తిరుపతి
అక్కా, మినిమం ఆల్టర్నేట్ ట్యాక్స్, అదే మ్యాట్ కట్టే కంపెనీ అయితే? మ్యాట్ పుస్తకాల లాభం మీద కదా. అప్పుడు పుస్తకాల్లో డిప్రిసియేషన్ పెంచితే కట్టే పన్ను తగ్గాలి.

శ్రీసిటీ_ఫైనాన్స్
తగ్గుతుంది, కానీ 25 శాతం లెక్కన కాదు, మ్యాట్ రేటు లెక్కన. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీలకు మ్యాట్ ఉండదు కాబట్టి వాటికి ఇది వర్తించదు. ఫ్రెషర్లను ఇంత లోతుగా ఎవరూ అడగరు, పావనిని కంగారు పెట్టొద్దు.

పల్ప్‌లెక్కలు
పన్ను సంగతి అక్క చెప్పింది. నేను ఇంకో పక్క నుంచి వస్తా. ఇది మన చిత్తూరు జిల్లా పల్ప్ యూనిట్లలో ప్రతి మార్చిలోనూ కనబడేదే.

ఆ 10 లక్షలు ఆఫీసు కంప్యూటర్ మీద డిప్రిసియేషనా, ఫ్యాక్టరీలో గుజ్జు తీసే మెషిన్ మీదా? మెషిన్ మీదైతే అది సరుకు తయారీ ఖర్చులో భాగం, స్టాకు విలువలోకి ఎక్కుతుంది. తోతాపురి కాయ వచ్చేది వేసవి చివర్లో, రెండు మూడు నెలల్లో ఏడాది సరుకంతా డ్రమ్ముల్లోకి పోతుంది. మార్చి 31కి సగం డ్రమ్ములు గోడౌన్‌లోనే ఉన్నాయనుకో. 10లో 5 ఆ డ్రమ్ముల్లోనే కూర్చొని ఉంటుంది. ఈ ఏడాది లాభం తగ్గేది 5 మాత్రమే.

పన్ను పక్కన పెట్టి రాస్తే: లాభం 5 తగ్గింది. క్యాష్ ఫ్లోలో డిప్రిసియేషన్ పూర్తిగా 10 కలిపాం, స్టాకు 5 పెరిగింది కాబట్టి 5 తీసేశాం, మిగిలింది సున్నా. బ్యాలెన్స్ షీట్లో మెషినరీ 10 తగ్గి, స్టాకు 5 పెరిగి, సర్‌ప్లస్ 5 తగ్గింది.

ఇంకోటి, పి అండ్ ఎల్ తెరిచి చూస్తే డిప్రిసియేషన్ లైన్‌లో 10 పూర్తిగా కనబడుతుంది. మరి లాభం 5 మాత్రమే ఎందుకు తగ్గింది? "ఫినిష్డ్ గూడ్స్ స్టాకులో మార్పు" అనే లైన్‌లో 5 వెనక్కి వచ్చింది కాబట్టి. మన షెడ్యూల్ 3 ఫార్మాట్‌లో రెండూ వేర్వేరు లైన్లు. ఒకటే చూసి జవాబు చెప్పేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే.

పుత్తూరు_బాబు
డ్రమ్ముల్లో గుజ్జు ఉంటాదనుకున్నా, డిప్రిసియేషన్ కూడా ఉంటాదా అన్నా 😄

రేణిగుంట_పావని
ఇది నాకు కొత్త. "ఒక అంకె మారితే" అని కాకుండా, ఏడాది మొత్తం చిన్న కంపెనీ లెక్క ఒకటి వేసి చూపిస్తారా? లాభం ఉండి క్యాష్ లేకపోవడం ఎట్లా జరుగుతుందో చూడాలని ఉంది.

పల్ప్‌లెక్కలు
ఊహాలెక్క వేస్తా, అంకెలన్నీ లక్షల్లో. ఒక చిన్న పల్ప్ యూనిట్. ఏడాది మొదట్లో క్యాష్ 50, మెషినరీ 100. ఇటు పక్క క్యాపిటల్ 100, బ్యాంకు లోన్ 50. రెండు పక్కలా 150.

ఏడాదిలో కాయలు, కూలీలు, కరెంటు, డ్రమ్ములు కలిపి 150 ఖర్చు. అందులో 120 కట్టారు, 30 ఇంకా బాకీ. మెషిన్ డిప్రిసియేషన్ 10. అంటే తయారీ ఖర్చు మొత్తం 160. సరుకులో పావు వంతు అమ్ముడుపోలేదు, కాబట్టి స్టాకు 40, అమ్మిన సరుకు ఖరీదు 120.

అమ్మకాలు 200. చేతికొచ్చింది 150, కొనుగోలుదారుల దగ్గర 50 రావాలి. ఆఫీసు, రవాణా ఖర్చులు 36, వడ్డీ 4, రెండూ కట్టేశారు.

లాభం: 200లోంచి 120, 36, 4 తీసేస్తే 40. పన్ను 10, అదీ కట్టేశారు. నికర లాభం 30.

ఇవి కాకుండా లోన్‌లో 10 తీర్చారు, మార్చి నెలాఖరుకు 15 పెట్టి కొత్త మెషిన్ ఒకటి కొన్నారు. దాని మీద ఈ ఏడాది డిప్రిసియేషన్ లేదనుకుందాం.

ఇప్పుడు క్యాష్ ఫ్లో. పన్నుకు ముందు లాభం 40తో మొదలు. డిప్రిసియేషన్ 10, వడ్డీ 4 కలిపితే 54. రావాల్సిన బాకీలు 50 పెరిగాయి, తీసేయాలి. స్టాకు 40 పెరిగింది, అదీ తీసేయాలి. మనం కట్టాల్సిన బాకీ 30 పెరిగింది, కలపాలి. వచ్చింది మైనస్ 6. కట్టిన పన్ను 10 తీస్తే ఆపరేటింగ్ క్యాష్ మైనస్ 16.
ఇన్వెస్టింగ్: మెషిన్ 15, మైనస్.
ఫైనాన్సింగ్: లోన్ 10, వడ్డీ 4, మైనస్ 14.
మొత్తం మైనస్ 45. మొదట్లో ఉన్న 50లోంచి పోతే మిగిలిన క్యాష్ 5.

బ్యాలెన్స్ షీట్: క్యాష్ 5, బాకీలు 50, స్టాకు 40, మెషినరీ 105. మొత్తం 200. అవతల క్యాపిటల్ 100, సర్‌ప్లస్ 30, లోన్ 40, కట్టాల్సిన బాకీ 30. మొత్తం 200.

లాభం 30, క్యాష్ తగ్గింది 45. ఆ తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు: 50 కొనుగోలుదారుల దగ్గర, 40 గోడౌన్‌లో. ఇవి రెండే 90. కొత్త మెషిన్‌కు, లోన్ తీర్చడానికి కలిపి ఇంకో 25 పోయింది. రైతులకూ సప్లయర్లకూ బాకీ పెట్టిన 30, డిప్రిసియేషన్ 10 ఆ దెబ్బను కొంచెం తగ్గించాయి.

పలమనేరు_మధు
స్టాకులో ఉన్న 40లో డిప్రిసియేషన్ కూడా ఉంది కదా, 10లో పావు వంతు రెండున్నర. అది డబ్బు కట్టని ఖర్చు. మరి 40 మొత్తం తీసేస్తే ఎక్కువ తీసినట్టు కాదా?

పల్ప్‌లెక్కలు
మంచి ప్రశ్న మధూ. కాదు, ఎందుకంటే పైన డిప్రిసియేషన్ 10 పూర్తిగా కలిపాం. పి అండ్ ఎల్‌ను నిజంగా తగ్గించింది ఏడున్నరే. ఎక్కువ కలిపిన ఆ రెండున్నర స్టాకు దగ్గర పోతుంది. నువ్వు తెలివిగా డిప్రిసియేషన్ ఏడున్నరే కలిపి, స్టాకు 40 తీసేశావనుకో, క్యాష్ రెండున్నర తేడా వస్తుంది. బ్యాలెన్స్ షీట్ రెండున్నర కలవడం లేదంటే మొదట వెతకాల్సిన చోటు ఇదే.

రేణిగుంట_పావని
వడ్డీ 4 ఎందుకు పైన కలిపి కింద తీశారు? వీడియోల్లో నికర లాభంతో మొదలుపెట్టి వడ్డీని అసలు ముట్టుకోరు.

ఆర్టికల్_తిరుపతి
మన స్టాండర్డ్ ప్రకారం బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ కాని వాళ్ళు కట్టిన వడ్డీ ఫైనాన్సింగ్‌లోనే చూపాలి. అమెరికాలో అది ఆపరేటింగ్‌లో ఉంటుంది, అందుకే ఆ వీడియోల్లో ముట్టుకోరు. వడ్డీ లాభంలోంచి ముందే పోయింది కాబట్టి పైన తిరిగి పెట్టి, కింద దాని సొంత చోట తీస్తాం. మొత్తం క్యాష్ ఎట్లా చూసినా 5 వస్తుంది. ఆపరేటింగ్ అంకె మాత్రం మారుతుంది. అమెరికా పద్ధతిలో మైనస్ 20, మన పద్ధతిలో మైనస్ 16.

ఇంటర్వ్యూలో కూడా పన్నుకు ముందు లాభంతోనే మొదలుపెట్టాలి, మన కంపెనీల యాన్యువల్ రిపోర్టుల్లో ఎక్కువగా అట్లాగే ఉంటుంది. నికర లాభంతో మొదలుపెడితే సొంతంగా ఒక్క రిపోర్టూ చూడలేదని తెలిసిపోతుంది.

శ్రీసిటీ_ఫైనాన్స్
ఇది నేనొప్పుకోను. నోటితో చెప్పేటప్పుడు నికర లాభంతో మొదలుపెడితేనే సర్‌ప్లస్‌కు, క్యాష్ ఫ్లోకు పోయే అంకె ఒకటే అని వినేవాళ్ళకు తెలుస్తుంది. మూడూ ఎట్లా కలుస్తాయన్నదే కదా ప్రశ్న. కాగితం మీద రాయమంటే పన్నుకు ముందు లాభంతో రాయమను.

ఆర్టికల్_తిరుపతి
మా సార్ అయితే నికర లాభంతో మొదలుపెడితే అక్కడే ఆపేస్తాడు అక్కా 🙏

పల్ప్‌లెక్కలు
ఎవరితో మొదలుపెట్టినా ఒకటి మరవొద్దు పావనీ. పన్నుకు ముందు లాభంతో మొదలుపెడితే కట్టిన పన్ను విడిగా తీయాలి. నికర లాభంతో మొదలుపెడితే పన్ను అప్పటికే పోయింది, మళ్ళీ తీయకూడదు. రెండూ కలగలిపి పన్ను రెండుసార్లు తీసేసేవాళ్ళు చాలామంది. పైన లెక్కలో అట్లా చేస్తే క్యాష్ మైనస్ 5కు పోతుంది, బ్యాలెన్స్ షీట్ 10 తేడా చూపిస్తుంది.

టాలీ_సుబ్బన్న
మా క్లయింట్ ఒకాయన ఈ మధ్యే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టినాడు. ఆయనకు ఇప్పుడు క్యాష్ ఫ్లో చేయాల్నా?

ఆర్టికల్_తిరుపతి
చట్టం చెప్పిన పరిమితుల్లో స్మాల్ కంపెనీ అయితే అక్కర్లేదు. వన్ పర్సన్ కంపెనీకీ, డార్మంట్ కంపెనీకీ కూడా మినహాయింపు ఉంది. కానీ లోన్ కోసం పోతే బ్యాంకు వాళ్ళే అడుగుతారు.

పావనీ, ఇంకోటి జాగ్రత్త. క్యాష్ ఫ్లో చివరి అంకె బ్యాలెన్స్ షీట్ క్యాష్‌తో కలవాలని అందరూ చెప్తారు. అసలు రిపోర్టు తీసుకొని చూస్తే చాలాసార్లు కలవదు. కారణం ఎక్కువగా మార్జిన్ మనీ డిపాజిట్లు. అన్న లెక్కలోనే, మిగిలిన 5లో 2 బ్యాంకు గ్యారంటీ కోసం ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టారనుకో. ఆ 2 ఎప్పుడంటే అప్పుడు వాడుకునే డబ్బు కాదు. క్యాష్ ఫ్లో చివర 3 ఉంటుంది, 2 ఇన్వెస్టింగ్‌లో బయటికి పోయినట్టు కనబడుతుంది. బ్యాలెన్స్ షీట్లో పై అంకె 5 చూసి తప్పనుకోవద్దు. కింద నోట్ తెరిస్తే 3 వేరు, 2 వేరుగా ఉంటాయి.

చంద్రగిరి_గిరి
ఇన్ని చెప్తే ఇంటర్వ్యూలో ఏ ముక్క చెప్పాలబ్బా? అర గంట కూర్చోబెట్టరు కదా.

శ్రీసిటీ_ఫైనాన్స్
మొదటి జవాబు ఒకటిన్నర నిమిషం దాటకూడదు గిరి. నేను వినాలనుకునేది ఇట్లా ఉంటుంది:

"ఉన్న మెషిన్ మీదే డిప్రిసియేషన్ పెరిగిందనీ, పన్ను లెక్కలో కూడా అంతే పెరిగిందనీ అనుకుంటున్నానండి. పన్నుకు ముందు లాభం 10 తగ్గుతుంది, పన్ను రెండున్నర తగ్గుతుంది, నికర లాభం ఏడున్నర తగ్గుతుంది. క్యాష్ ఫ్లో ఆ ఏడున్నర తక్కువతో మొదలై, డిప్రిసియేషన్ 10 తిరిగి కలుస్తుంది. క్యాష్ రెండున్నర పెరుగుతుంది, అది తక్కువ కట్టిన పన్ను. బ్యాలెన్స్ షీట్లో మెషినరీ 10 తగ్గి క్యాష్ రెండున్నర పెరుగుతుంది, అవతల సర్‌ప్లస్ ఏడున్నర తగ్గుతుంది. పన్ను డిప్రిసియేషన్ మారకపోతే క్యాష్ కదలదండి, డిఫర్డ్ ట్యాక్స్ కదులుతుంది."

అక్కడ ఆపేయాలి. స్టాకు సంగతి అడిగితేనే చెప్పాలి. అడగకుండా అన్నీ గుమ్మరిస్తే, వాటిలో సరిగా రానిది పట్టుకొని అడుగుతారు.

చంద్రగిరి_గిరి
పావనికి ఒక పరీక్ష పెడతా, నాకూ తెలుస్తుంది. పుస్తకాల్లో 20 లక్షలున్న పాత మెషిన్‌ను 26కి అమ్మారు. పన్ను వదిలేయ్. మూడింట్లో ఏమవుతుంది?

రేణిగుంట_పావని
లాభం 6 పెరిగింది. క్యాష్ ఫ్లోలో ఆపరేటింగ్‌లో ఆ 6 ఉంది, ఇన్వెస్టింగ్‌లో 26 వచ్చింది. క్యాష్ 32 పెరిగింది. మెషినరీ 20 తగ్గింది, సర్‌ప్లస్ 6 పెరిగింది... ఆస్తులు 12 పెరిగితే అవతల 6 మాత్రమే పెరిగింది. ఎక్కడో 6 ఎక్కువైంది.

పల్ప్‌లెక్కలు
ఆ 6 రెండుసార్లు లెక్కలోకి వచ్చింది. కొన్నవాడు ఇచ్చింది 26, ఆ 26లోనే 6 కూడా ఉంది. అందుకే ఆపరేటింగ్‌లో లాభంలోంచి 6 తీసేసి సున్నా చేయాలి, ఇన్వెస్టింగ్‌లో 26 ఉంచాలి. క్యాష్ 26 పెరిగి, మెషినరీ 20 తగ్గి, సర్‌ప్లస్ 6 పెరుగుతుంది. కలవలేదని నువ్వే కనిపెట్టావు చూడు, ఇంటర్వ్యూలోనూ చివర్లో అట్లా బయటికే కూడి చూసుకో.

చంద్రగిరి_గిరి
కొన్నోడు డబ్బులు వచ్చే ఏడాది ఇస్తానంటే?

పల్ప్‌లెక్కలు
అప్పుడు ఈ ఏడాది ఇన్వెస్టింగ్‌లో ఏమీ రాదు. లాభంలోంచి 6 తీసేయడం మాత్రం మామూలే. రావాల్సిన 26 బ్యాలెన్స్ షీట్లో విడిగా నిలుస్తుంది. దాన్ని సరుకు అమ్మిన బాకీల్లో కలిపేస్తే ఆపరేటింగ్‌లో 26 తగ్గినట్టు చూపిస్తుంది, వచ్చే ఏడాది వసూలైనప్పుడు ఆపరేటింగ్ బాగా పెరిగినట్టు కనబడుతుంది. వచ్చే ఏడాది ఆ 26 చేరాల్సింది ఇన్వెస్టింగ్‌లో.